‘ఇంట్లో చెప్తా’ అంటూ ఏళ్ళ తరబడి నాన్చుతుంటే ఏం చేయాలి?

వదిలెయ్యరు, అలాగని ముందుకూ రారు. మీరు విసిగిపోయి ఇక చాలు అనుకునే సమయానికి ఒక తియ్యటి మెసేజ్ వస్తుంది. మళ్ళీ రెండు వారాలు ఆశ. దీన్ని ఇప్పుడు అందరూ బ్రెడ్‌క్రంబింగ్ అంటున్నారు. డేటింగ్ యాప్ పరిచయాల్లో అయితే ఇది త్వరగానే తేలిపోతుంది, నష్టమూ తక్కువ. మన ఇళ్ళల్లో ఎక్కువ నష్టం చేసేది ఇంకో రకం. కాలేజీలోనో ఆఫీసులోనో మొదలైన ప్రేమ పెళ్ళి మాట వచ్చేసరికి ‘ఇంట్లో చెప్తా’ దగ్గర ఆగిపోతుంది. ఈలోగా ఇక్కడ అమ్మానాన్నలు సంబంధాలు చూస్తూనే ఉంటారు. నేను రాస్తున్నది ఈ రకం గురించే. ఉదాహరణలో నాన్చేది అబ్బాయి. అమ్మాయిలు నాన్చే సందర్భాలూ బోలెడున్నాయి, అప్పుడూ చేయాల్సిన పని ఇదే.

ఒక జంటను అనుకుందాం. అమ్మాయిది గుంటూరు, గచ్చిబౌలిలో ఉద్యోగం, హాస్టల్లో ఉంటోంది. అబ్బాయి బీటెక్‌లో సీనియర్, ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. ప్రేమ మొదలై రెండేళ్ళు దాటింది. మొదట ‘అక్క పెళ్ళి అయిపోనీ, చెప్తా’ అన్నాడు. అక్క పెళ్ళి శ్రావణంలో అయిపోయింది. తర్వాత ‘ప్రమోషన్ రానీ’ అన్నాడు, వచ్చింది. ఆ తర్వాత ‘సంక్రాంతికి ఊరెళ్తాగా, అప్పుడు పక్కా’ అన్నాడు. పండక్కి వెళ్ళొచ్చి ‘నాన్నకు బీపీ పెరిగింది, ఈ టైమ్‌లో ఎలా చెప్పను’ అంటున్నాడు. ఈ కారణాల్లో దేనికదే విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది. అందుకే ఆ అమ్మాయి ప్రతిసారీ సరే అంది. నాలుగూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అసలు విషయం కనబడుతుంది. అందుకే మొదటి పని రాసుకోవడం.

ముందు ఆరు వారాలు రాయండి

జ్ఞాపకం మీద ఆధారపడకండి. జ్ఞాపకంలో మంచి రాత్రులు పెద్దవిగా, చెడ్డ వారాలు చిన్నవిగా మిగులుతాయి. ఒక నోట్‌బుక్ తీసుకుని వెనక్కి ఆరు వారాల వాట్సాప్ చాట్, కాల్ లిస్ట్ చూసి రాయండి. ఏ రోజు ఎవరు ముందు పలకరించారు, ఏం మాట ఇచ్చారు, ఆ మాట జరిగిందా లేదా. వీటి పక్కన ఇంకొక్కటి తప్పకుండా రాయాలి: ఆ మెసేజ్ రాకముందు మీరేం చేస్తున్నారు? అంటే మామూలుగా మాట్లాడుతున్నారా, అలిగి ఊరుకున్నారా, ‘నా వల్ల కాదు’ అన్నారా?

ఆ అమ్మాయి పుస్తకంలో ఇలా ఉందనుకోండి.

జనవరి 6: పొద్దున నేనే గుడ్ మార్నింగ్ పెట్టాను. రాత్రి పదకొండింటికి ‘బిజీరా, రేపు చేస్తా’ అన్నాడు. మర్నాడు కాల్ రాలేదు.

జనవరి 12: రెండు రోజులుగా నేను మెసేజ్ పెట్టలేదు. రాత్రి 11:40కి మా ఫేర్‌వెల్ రోజు ఫోటో పంపి ‘గుర్తుందా?’ అన్నాడు. ఒంటి గంట దాకా మాట్లాడుకున్నాం. ఎప్పుడు కలుద్దాం అంటే ‘నెక్స్ట్ వీక్ పక్కా’.

జనవరి 24: ఫ్రెండ్ పెళ్ళికి హైదరాబాద్ వచ్చాడని వేరేవాళ్ళ స్టేటస్‌లో చూశాను. నాకు చెప్పలేదు. అడిగితే ‘హడావుడిలో కుదర్లేదు’.

ఫిబ్రవరి 2: ‘ఇక నా వల్ల కాదు’ అని పెట్టాను. ఐదు నిమిషాల్లో ఫోన్. ఏడ్చాడు. ‘నువ్వు లేకపోతే నేను లేను’ అన్నాడు. మరి ఇంట్లో ఎప్పుడు చెప్తావంటే మాట మార్చాడు.

ఇప్పుడు ప్రతి మెసేజ్‌కు ముందు ఆమె ఏం చేస్తోందో చూడండి. ఆమె మామూలుగా మాట్లాడుతున్నప్పుడు అతను బిజీ. ఆమె వెనక్కి జరిగినప్పుడల్లా అతనికి తీరిక దొరికింది. ఐదు నిమిషాల్లో ఫోన్ చేయగలిగినవాడు రేపు చేస్తానన్న ఫోన్ చేయలేకపోయాడు. ఆ శ్రద్ధ ఆమెను పోకుండా ఆపడానికి వస్తోంది తప్ప ఆమెతో కలిసి ముందుకు నడవడానికి రావడం లేదు. మీ పుస్తకంలో కూడా మంచి మెసేజ్‌లన్నీ మీరు దూరం జరిగిన రోజుల పక్కనే పడుతుంటే, అదే అన్నింటికంటే గట్టి గుర్తు. మెసేజ్‌లు ఎన్ని వచ్చాయన్న లెక్క మాత్రం వేసుకోకండి. రోజుకు యాభై వచ్చినా వాటిలో తేదీ ఉన్న పని ఒక్కటీ లేకపోతే ఆ యాభైకీ విలువ లేదు.

నాన్చడమా, నిజంగా భయమా?

ఇక్కడ తొందరపడొద్దు. వేరే కులమనో, ఆస్తుల తేడా అనో ఇంట్లో చెప్పడానికి వణికిపోయే పిల్లలు మన దగ్గర నిజంగానే ఉన్నారు. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ భయపడేవాళ్ళు కూడా ఏదో ఒక చిన్న అడుగు వేస్తారు. నాన్నకు చెప్పలేకపోతే ముందు అక్కకు చెప్తారు, లేదా వదినకో మేనమామకో చెప్పి వాళ్ళ చేత కదిలించాలని చూస్తారు. అనుకున్న రోజున చెప్పలేకపోతే మీరు అడగకముందే వాళ్ళే ఫోన్ చేసి ‘చెప్పలేకపోయాను, ఇదీ జరిగింది, మళ్ళీ ఫలానా రోజు ప్రయత్నిస్తా’ అంటారు. తమ స్నేహితుల్లో మిమ్మల్ని దాచిపెట్టరు. ఊరికొస్తే ముందు మీకే తెలుస్తుంది.

ఉద్యోగం పోయినప్పుడు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోనప్పుడు, మనసు బాగా కుంగినప్పుడు కూడా మాటలు తగ్గిపోతాయి. తేడా ఎక్కడంటే, అలాంటప్పుడు తియ్యటి మెసేజ్‌లు కూడా తగ్గిపోతాయి. పని మాత్రమే ఆగిపోయి, మురిపించే మాటలు సరిగ్గా అవసరమైన రోజున వస్తుంటే అది కష్టకాలం కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొదట్లోనే ‘నాకు పెళ్ళి ఆలోచన లేదు’ అని స్పష్టంగా చెప్పినవాళ్ళు మిమ్మల్ని నాన్చుతున్నట్టు కాదు. వాళ్ళు సమాధానం ఇచ్చేశారు. ఆ సమాధానం మారుతుందని ఎదురుచూడటం మీ నిర్ణయం, దానికి ఈ దారి పనికిరాదు.

ఒకే ఒక్క అడుగు, ఒక తేదీ

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. రాత్రి పన్నెండింటికి ఏడుస్తూ నాలుగు స్క్రీన్ల పొడవు మెసేజ్ పెడతారు. అందులో రెండేళ్ళ బాధంతా ఉంటుంది, అడగాల్సిన ప్రశ్న మాత్రం ఉండదు. అవతలివాళ్ళు ఆ బాధను ఓదార్చి బయటపడతారు, మీకూ ఆ పూట తేలికైపోతుంది. అడగాల్సింది అడక్కుండానే మిగిలిపోతుంది.

పగటిపూట అడగండి. కుదిరితే ఎదురుగా, లేదంటే ఫోన్లో. అడిగే ముందు మూడు విషయాలు కాగితం మీద పెట్టుకోండి. అతను ఏం చేయాలి, ఎప్పటిలోగా, చేయకపోతే మీరేం చేస్తారు.

ఏం చేయాలన్నది చాలా జాగ్రత్తగా ఎంచుకోవాలి. ‘మీ ఇంట్లో ఒప్పించు’ అని అడగకండి. ఒప్పుకోవడం వాళ్ళ నాన్న చేతిలో ఉంది. రేపు ‘నేనేం చేయను, నాన్న వినట్లేదు’ అంటే మీ దగ్గర జవాబు ఉండదు. పూర్తిగా అతని చేతిలో ఉన్నది, చిన్నది, జరిగిందో లేదో మీకు తెలిసేది అడగాలి. ‘అక్కకు చెప్పి, నాతో ఫోన్లో మాట్లాడించు’ అన్నది అలాంటిది. అక్క ఒప్పుకుంటుందా లేదా అన్నది తర్వాత సంగతి. గడువు మూడు నాలుగు వారాలు చాలు. ఆర్నెల్లు ఇస్తే అది గడువు కాదు, ఇంకో ఆర్నెల్ల నాన్చుడుకు మీరే ఇచ్చిన అనుమతి.

ఫిబ్రవరి చివర్లో ఆ అమ్మాయి ఇలా అనొచ్చు: ‘నాకు నీతో పెళ్ళి కావాలి. ఇంట్లో అందరినీ ఒప్పించమని ఇప్పుడు అడగట్లేదు. ఉగాదిలోపు అక్కకు మన సంగతి చెప్పి నాతో ఒకసారి మాట్లాడించు. అది కూడా కుదరకపోతే నేను ఇక్కడితో ఆపేస్తాను. కోపంతో అనట్లేదు, బాగా ఆలోచించే చెప్తున్నా.’ ఫోన్ పెట్టేశాక అదే మాటను ఒక్క వాక్యంలో మెసేజ్‌గా పెట్టాలి: ‘ఉగాదిలోపు అక్కతో మాట్లాడిస్తావు, లేకపోతే ఆపేస్తాను అనుకున్నాం.’ రేపు ‘నువ్వలా అనలేదుగా’ అన్న వాదన రాకుండా ఉండటానికి ఇది.

ఆపేస్తానన్న మాట బెదిరింపుగా వాడొద్దు. ఆపలేమని మీకు అనిపిస్తే ఇంకా అడగకండి, నోట్‌బుక్ ఇంకో రెండు వారాలు నడపండి. ఒకసారి గడువు పెట్టి, అది దాటాక కూడా మాట్లాడితే, మీ గడువులు ఉత్తవేనని ఇద్దరికీ తెలిసిపోతుంది.

జవాబును ఎలా వినాలి

‘సరే, ఈ ఆదివారమే చెప్తా’ అంటే మంచిదే, చూడండి. ‘నా వల్ల కాదు’ అంటే ఎంత నొప్పి పెట్టినా అది నిజాయితీ గల జవాబు, అక్కడితో ఆగండి. ఇబ్బంది పెట్టేవి మిగతా రెండు.

మొదటిది ఎదురు నింద. ‘నువ్వు కూడా నన్ను అర్థం చేసుకోకపోతే ఎలా? ఆఫీస్ టెన్షన్ ఒకవైపు, నువ్వొకవైపు.’ ఇది విన్న వెంటనే మీరు సారీ చెప్పేస్తారు, గడువు సంగతి అక్కడే పోతుంది. దీనికి వాదించొద్దు. ‘నీ టెన్షన్ నాకర్థమైంది. ఉగాది అన్నది మాత్రం అలాగే ఉంది’ అంటే చాలు.

రెండోది ఇంకా కష్టమైనది, ఎందుకంటే అది వినడానికి హాయిగా ఉంటుంది. అడిగింది అక్క గురించైతే అతను పదేళ్ళ తర్వాతి ఇంటి గురించి మాట్లాడతాడు. బాల్కనీ ఎటువైపు ఉండాలి, పాపకు ఏం పేరు పెడదాం అంటాడు. ఎల్లుండి చేయాల్సిన ఫోన్ కాల్ గురించి ఒక్క ముక్క ఉండదు. ఇలాంటి కబుర్లు వచ్చిన రోజు వాటిని నోట్‌బుక్‌లో రాయండి, పక్కన ‘తేదీ లేదు’ అని కూడా రాయండి.

గడువు నడుస్తున్నన్ని రోజులూ గుర్తు చేయకండి. ‘ఇంకా పది రోజులే ఉంది’ అనొద్దు, మీ ఇద్దరికీ తెలిసిన స్నేహితుడి చేత చెప్పించొద్దు. గుర్తు చేయించుకుని చేసిన పనిని బట్టి అతని మనసు మీకు తెలియదు. రేపు ప్రతి అడుగుకూ మీరే నెట్టాల్సి వస్తుంది.

తేదీ దాటితే

మర్నాడే ఒక మెసేజ్ పెట్టండి: ‘నిన్నటితో గడువు అయిపోయింది. నేను ఆపేస్తున్నాను. ఇక కాల్, మెసేజ్ వద్దు.’ కారణాలు రాయకండి. కారణం రాస్తే దానికి జవాబు వస్తుంది, జవాబుకు మీరు జవాబిస్తారు, తెల్లారేసరికి మళ్ళీ మొదటికొస్తారు.

ఆ తర్వాతి పది పదిహేను రోజులు ఎలా ఉంటాయో ముందే తెలిస్తే తట్టుకోవడం కాస్త సులువు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు చార్లెస్ ఫెర్‌స్టర్, బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాలను 1957లో పుస్తకంగా వేశారు. ముక్కుతో పొడిస్తే గింజలు వచ్చే ఏర్పాటది. ఈ రకం ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం గింజ ఆగిపోగానే కాసేపటికే మానేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడూ దొరికిన పావురం మాత్రం గింజ పూర్తిగా ఆగిపోయాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. పైగా గింజ ఆగిన మొదట్లో కొన్నిసార్లు పొడవడం ఇంకా ఎక్కువవుతుంది. రోజూ ప్రేమగా ఉండి ఒక్కసారిగా వెళ్ళిపోయినవాళ్ళకంటే ఇలా అప్పుడప్పుడూ దగ్గరకు తీసినవాళ్ళను మరచిపోవడం ఎందుకంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. అది మీ బలహీనత కాదు, మీకు అలవాటైన పద్ధతి అలాంటిది.

స్పెయిన్‌లో 626 మంది పెద్దవాళ్ళ మీద చేసి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, బ్రెడ్‌క్రంబింగ్ అనుభవించినవాళ్ళలో జీవితం మీద తృప్తి తక్కువగా, ఒంటరితనం, నిస్సహాయత ఎక్కువగా కనిపించాయి. చెప్పాపెట్టకుండా మాయమైపోయినవాళ్ళ వల్ల దెబ్బతిన్నవాళ్ళలో ఆ సంబంధం కనిపించలేదు. దేని వల్ల ఏది వచ్చిందో ఆ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. అయినా ఇది పడినవాళ్ళు చెప్పేదానికి దగ్గరగానే ఉంది.

కాబట్టి మొదటి వారం మీకు ఫోన్ చూడాలన్న కోరిక పెరుగుతుంది, అతని నుంచి మెసేజ్‌లూ పెరగొచ్చు. ఎనిమిది మెసేజ్‌లకు ఊరుకుని తొమ్మిదోదానికి జవాబిచ్చారనుకోండి, ఎనిమిది చాలవు, తొమ్మిది పెట్టాలి అని మీరే నేర్పినట్టవుతుంది. అందుకని మనోబలం మీద ఆధారపడకుండా ఫోన్‌ను సర్దుకోండి. బ్లాక్ చేస్తే అన్నిటికంటే సులువు. కోపం చూపించినట్టు ఉంటుందేమోనని మొహమాటపడకండి. అంత చేయలేకపోతే కనీసం చాట్‌ను మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పెట్టండి, నోటిఫికేషన్ రాదు. స్టేటస్, ఇన్‌స్టా స్టోరీ అతనికి కనబడకుండా దాచండి. మీరు స్టోరీ పెట్టడం, అతను చూశాడా లేదా అని పదిసార్లు లిస్ట్ తెరవడం, ఇదీ ఎదురుచూపే. పాత ఫోటోలు చెరిపేయడం ఇప్పుడే కష్టమైతే పెన్ డ్రైవ్‌లో వేసి నమ్మకమైన స్నేహితురాలికి ఇవ్వండి. ఆమెకే ఇంకో మాట కూడా చెప్పండి: ‘వాడి కబుర్లు మంచివైనా చెడ్డవైనా నాకు తేవొద్దు.’ మీ చాట్‌లో ఆ మెసేజ్‌లు ఎక్కువగా వచ్చిన వేళ రాత్రి పది నుంచి పన్నెండు అయితే, ఆ రెండు గంటలూ ఒంటరిగా ఉండకండి. హాస్టల్లో రూమ్మేట్‌తో కూర్చోండి, ఫోన్‌ను మంచానికి దూరంగా చార్జింగ్‌లో పెట్టండి.

అప్పుగా ఇచ్చిన డబ్బుంటే ఎంత, ఎప్పటిలోగా అన్నది ఆఖరి మెసేజ్‌లోనే రాసేయండి. దాని పేరుతో మళ్ళీ మాటలు సాగనీయకండి.

కొన్ని సందర్భాలు ఈ దారికి బయటవి. ఆపేస్తానన్నందుకు ఫోటోలు బయటపెడతానని బెదిరిస్తే బేరాలాడకండి. స్క్రీన్‌షాట్లు తీసి 112కు ఫోన్ చేయండి, cybercrime.gov.inలో కూడా ఫిర్యాదు చేయొచ్చు. మొదటి నుంచీ ఉద్దేశం లేకుండానే పెళ్ళి మాట ఇచ్చి శారీరక సంబంధం పెట్టుకోవడం భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద నేరం. మాట ఇచ్చి తర్వాత నిలబెట్టుకోలేకపోవడాన్ని మాత్రం కోర్టులు వేరుగా చూస్తాయి. మీ విషయం ఏ కోవలోకి వస్తుందో లాయర్‌నే అడగాలి. నిద్ర, తిండి మానేసే స్థితి వచ్చినా, చచ్చిపోవాలనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.

ఇంట్లో సంబంధాల ఒత్తిడి

విడిపోయిన వారంలోనే కసితో ‘మీరు చూసిన సంబంధానికే సరే’ అనొద్దు. అలా ఒప్పుకుని, నిశ్చితార్థం ముందు రోజు పాతవాడి మెసేజ్‌కు కరిగిపోతే మూడు కుటుంబాలు చిక్కుల్లో పడతాయి. అమ్మకు అంతా చెప్పగలిగితే చెప్పండి. చెప్పలేకపోతే ‘దసరా దాకా సంబంధాల మాట ఎత్తకండి, ఆ తర్వాత నేనే మాట్లాడతా’ అనండి. ఇక్కడ కూడా తేదీ పెట్టడమే మంచిది. ఉత్తినే ‘ఇప్పుడొద్దు’ అంటే వచ్చే ఆదివారమే ఇంకో ఫోటో పంపుతారు.

కొన్నాళ్ళకు మళ్ళీ వస్తే

వస్తారు. మీ పుట్టినరోజుకో, మీకు సంబంధం కుదిరిందని ఎవరో చెప్పగానేనో. అప్పుడు ఆ మెసేజ్‌లో అడిగిన పని ఉందా అని ఒక్కటే చూడండి. ‘నిన్ను మిస్ అవుతున్నా, ఒకసారి మాట్లాడాలి’ అన్నదాంట్లో పని లేదు, దానికి జవాబు అక్కర్లేదు. ‘అక్కకు చెప్పాను, నీతో మాట్లాడతానంటోంది, ఇదిగో నంబర్’ అంటే పని జరిగింది. అలాంటి మెసేజ్ వచ్చినా మీకు ఇష్టం లేకపోతే వద్దనే హక్కు మీకుంది. ఇష్టముంటే మాత్రం అతనితో రాత్రి కబుర్లు మొదలుపెట్టకముందే ఆ నంబర్‌కు ఫోన్ చేయండి. వాళ్ళక్కకు ఎంతవరకు తెలుసో, ఎప్పుడు తెలిసిందో ఆమె నోటినుంచే వినండి. అమ్మానాన్నలకు చెప్పేది ఎవరు, ఏ నెలలో అన్నది ముగ్గురూ కలిసి ఆ కాల్‌లోనే అనుకోండి.